కడుపు మీది చారలు: కోకో బటర్ ఏమి చేయగలదు, ఏమి చేయలేదు

పెర్కిట్, ఆర్మూరు చుట్టుపక్కల ఊళ్ల నుండి దుబాయి, మస్కట్ వెళ్లిన మన సహోదరులు సెలవు మీద ఇంటికి వచ్చేటప్పుడు, గర్భిణీగా ఉన్న భార్య కోసం కోకో బటర్ డబ్బా తేవడం ఉంది. ఇక్కడి మందుల షాపుల్లో కూడా అటువంటి క్రీములు, నూనెలు దొరుకుతాయి. "సిస్టరమ్మా, ఇది రాస్తే చారలు రావంట, నిజమేనా?" అనే ప్రశ్నకు ఈ నెల జవాబు చెప్పుకుందాం.

మొదట చార ఎక్కడ ఏర్పడుతుందో తెలుసుకోవాలి. మన చర్మానికి పైన ఒక పలుచని పొర, దాని కింద మందమైన పొర ఉంటాయి. కింది పొరలో కొల్లాజెన్, ఎలాస్టిన్ అనే పోగులు నేతబట్టలోని దారాలవలె అల్లుకొని ఉండి చర్మానికి బలమునిస్తాయి. గర్భం పెరుగుతున్నప్పుడు చర్మం సాగుతుంది. గర్భకాలపు హార్మోన్ల వలన కూడా ఆ పోగులు బలహీనపడతాయి. అవి తెగిన చోట చార కనిపిస్తుంది. మొదట ఎర్రగా లేక ముదురు గోధుమ రంగులో ఉండి, నెలలు గడిచేకొద్దీ తెల్లబడి పలుచనవుతుంది.

కోకో బటర్ అనేది చాక్లెట్ చేసే కోకో గింజల నుండి తీసిన కొవ్వు. ఒంటి వేడికే కరిగి, చర్మం పైపొర మీద పూతగా నిలిచి, లోపలి తేమ ఆరిపోకుండా కాపాడుతుంది. అంతేగాని కింది పొరలోకి దిగి తెగిన పోగులను అతికించలేదు. షియా బటర్, కొబ్బరి నూనె, నువ్వుల నూనె కూడా ముఖ్యంగా ఇదే పని చేస్తాయి.

దీనిని పరీక్షించి చూశారు. 2008లో లెబనాన్ దేశపు వైద్యులు ప్రచురించిన పరిశీలనలో తొలి చూలు గర్భిణీలు 175 మంది పాల్గొన్నారు. కొందరికి కోకో బటర్ ఉన్న లోషన్, మిగిలినవారికి అది లేని లోషన్ ఇచ్చారు. కోకో బటర్ రాసినవారిలో సుమారు 45 శాతం మందికి, రెండవ గుంపులో సుమారు 49 శాతం మందికి చారలు వచ్చాయి. ఇంత చిన్న తేడా యాదృచ్ఛికంగా కూడా రావచ్చు. 2010లో జమైకా దేశంలో 300 మందితో చేసిన పరిశీలనలోనూ కోకో బటర్ చారలను ఆపినట్టు రుజువు కాలేదు.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. కోకో బటర్ రాయనివారిలో కూడా సగం మందికి చారలు రాలేదు! "నేను రాశాను, నాకు రాలేదు" అని పక్కింటి వదిన చెప్పేది అబద్ధం కాదు. కాని ఆమె రాయకపోయినా రాకపోయి ఉండవచ్చు. తల్లికి చారలు ఉన్నవారికి, చిన్న వయసులో గర్భం దాల్చినవారికి, బరువు ఎక్కువ పెరిగినవారికి, బిడ్డ పెద్దగా ఉన్నవారికి చారలు వచ్చే అవకాశం ఎక్కువ.

అయితే రాయడం దండుగా? కాదు. సాగిన చర్మం పొడిబారి దురద పెడుతుంది. స్నానం చేసి, ఒళ్లు కొంచెం తడిగా ఉండగానే ఒక చెంచా కొబ్బరి నూనె మెల్లగా రాస్తే దురద తగ్గుతుంది. కడుపును గట్టిగా మర్దన చేయవద్దు. కొత్త క్రీము ఏదైనా ముందు ముంజేతి మీద కొద్దిగా రాసి రెండు రోజులు చూడండి. ఎర్రబడితే మానివేయండి. మన పొలంలో పండిన పసుపైనా సరే, నూనెలో కలిపి రాస్తే చారలు పోవు. కొందరికి దానివల్ల దద్దుర్లు కూడా వస్తాయి.

రెండు రకాల మందులతో జాగ్రత్త. ట్రెటినాయిన్ అనే మందు కొత్త చారలను కొంత తగ్గించగలదు గాని గర్భిణీలు దానిని వాడరాదు. ప్రసవం తరువాత, పాలిచ్చే కాలంలో కూడా డాక్టరును అడగకుండా వాడవద్దు. రెండవది, గజ్జల్లో తామరకని, ముఖం తెల్లబడాలని చీటీ లేకుండా కొనే ట్యూబులు. వాటి మీద బీటామెథసోన్, క్లోబెటసాల్ అనే పేర్లు ఉంటే అవి స్టెరాయిడ్లు. వారాల తరబడి రాస్తే చర్మం పలుచబడి, గర్భం లేనివారికి, మగపిల్లలకు కూడా తొడల మీద వెడల్పైన చారలు వస్తాయి. అవి పూర్తిగా పోవు.

చివరిగా, కడుపు మీద దురదకు నూనె చాలు. కాని ఆరవ నెల దాటిన తరువాత దద్దుర్లు లేకుండా అరచేతుల్లో, అరికాళ్లలో దురద పుట్టి రాత్రిళ్లు ఎక్కువైతే అది కాలేయానికి సంబంధించినది కావచ్చు. బిడ్డకు ప్రమాదం ఉండవచ్చు. అప్పుడు నూనె రాస్తూ ఇంట్లో ఉండక, మరునాడే ఆసుపత్రికి వచ్చి రక్తపరీక్ష చేయించుకోండి. బిడ్డ కదలిక తగ్గినట్టు అనిపిస్తే మరునాటి వరకు ఆగక వెంటనే రండి.