క్రియను చివరిదాకా ఆపు: జర్మన్ నేర్చుకుంటున్న ఒక నర్సింగ్ విద్యార్థినికి ఉత్తరం

అమ్మా,

బి1 పరీక్ష కోసం నువ్వు రాసి పంపిన సాధన ఉత్తరం శ్రద్ధగా చదివాను. మాటలు బాగానే పట్టుబడ్డాయి. చెప్పదలుచుకున్న విషయం తికమక లేకుండా ఉంది. అయితే ఐదు వాక్యాల్లో ఒకటే తప్పు మళ్లీ మళ్లీ కనిపిస్తోంది. ‘వైల్’, ‘డస్’, ‘వెన్’ లాంటి మాటలతో మొదలయ్యే ఉపవాక్యంలో క్రియ చివరికి వెళ్లాలి. నువ్వు దాన్ని కర్త పక్కనే వదిలేస్తున్నావు. నియమం నీకు తెలియక కాదు, అడిగితే అప్పజెప్పగలవు. రాసేటప్పుడు ఆలోచన ఇంగ్లీషులో నడుస్తోంది కాబట్టి చెయ్యి ఆ వరసలోనే వెళ్తోంది. నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే: జర్మన్ ఉపవాక్యం వరస తెలుగు వరసకు చాలా దగ్గర. ఈ ఒక్కచోట ఇంగ్లీషును పక్కనపెట్టి తెలుగు నుంచి వెళ్తే నీ తప్పుల్లో ఎక్కువ భాగం పోతాయి.

నీ మొదటి వాక్యమే చూద్దాం. సోమవారం పనికి వెళ్లాలి కాబట్టి రాలేనని చెప్పడానికి ‘ఇష్ కాన్ ఆమ్ మోన్‌టాగ్ నిష్ట్ కోమెన్, వైల్ ఇష్ ముస్ ఆర్బైటెన్’ అని రాశావు. కామా ముందు భాగం పూర్తిగా సరైనది. కామా తర్వాత ‘వైల్ ఇష్ ఆర్బైటెన్ ముస్’ అని ఉండాలి. ఇప్పుడు ‘నేను పని చెయ్యాలి’ అన్న తెలుగు మాటను విడదీసి చూడు. ముందు ‘నేను’, తర్వాత ‘పని చెయ్య’, ఆ చివర తప్పనిసరిని చెప్పే ‘ఆలి’. జర్మన్‌లోనూ ‘ఇష్’, ‘ఆర్బైటెన్’, ‘ముస్’ అదే వరసలో వచ్చాయి. రెండో వాక్యమూ అంతే. ఈరోజు డాక్టరు రారని అనుకుంటున్నట్టు చెప్పాలనుకుని ‘డస్ డేర్ ఆర్ట్స్ట్ కొమ్ట్ హోయ్‌ట నిష్ట్’ అన్నావు. ‘డస్ డేర్ ఆర్ట్స్ట్ హోయ్‌ట నిష్ట్ కొమ్ట్’ అనాలి. తెలుగులో ‘డాక్టరు ఈరోజు రారని’ అంటున్నప్పుడు ‘ఈరోజు’ను క్రియ తర్వాతికి నెట్టం కదా, ఇక్కడా అలాగే. తేడా ఒక్కటే. మనం ‘అని’, ‘కాబట్టి’ లాంటి మాటలను ఉపవాక్యం చివర పెడతాం, జర్మన్‌వాళ్లు మొదట్లో పెడతారు. ఆ మాటను ముందుకు తెచ్చాక మిగిలింది దాదాపు తెలుగు వరసే.

ఇది తెలుగు మీద అభిమానంతో అంటున్న మాట కాదు. 1970ల చివర్లో వుప్పర్టాల్ కేంద్రంగా ఒక పరిశోధక బృందం, జర్మనీకి వలస వచ్చిన ఇటాలియన్, స్పానిష్, పోర్చుగీస్ కార్మికులు క్లాసులకు వెళ్లకుండానే జర్మన్ ఎలా నేర్చుకుంటున్నారో పరిశీలించింది. పద క్రమానికి సంబంధించిన నియమాల్లో ఉపవాక్యం చివర క్రియ పెట్టడమన్నది వాళ్లకు అన్నిటికంటే ఆలస్యంగా వచ్చింది. వాళ్ల మాతృభాషల్లో క్రియ సాధారణంగా మధ్యలో ఉంటుందన్నది గమనించు. 1990ల్లో ఆన్ వాయ్‌నికా, మార్థా యంగ్-షోల్టెన్ అనే భాషాశాస్త్రవేత్తలు టర్కిష్, కొరియన్ మాతృభాషగా ఉన్నవాళ్ల జర్మన్‌ను పరిశీలించారు. ఆ రెండూ తెలుగులాగే క్రియ చివర వచ్చే భాషలు. వాళ్లు తొలి దశలోనే జర్మన్ క్రియను చివర పెట్టడం కనిపించింది. మాతృభాష వరస కొత్త భాషలోకి తోడు వస్తుందని దీన్నిబట్టి అర్థమవుతుంది. నీకు రావలసిన ఆ తోడు రాకపోవడానికి కారణం, మన దగ్గర జర్మన్‌ను ఎక్కువగా ఇంగ్లీషు ద్వారా నేర్పడమేనని నా అభిప్రాయం. నీ తప్పుల్లో చాలావరకు ఇంగ్లీషు వరసకు సరిపోవడం అందుకు ఆధారం.

దీనికి వెంటనే ఒక అభ్యంతరం వస్తుంది. తెలుగు వరసే పట్టుకుంటే ప్రధాన వాక్యంలోనూ క్రియ చివరికి పోదా అని అడగవచ్చు. పోతుంది, అందుకే హద్దు తెలిసి ఉండాలి. ప్రధాన వాక్యంలో కర్తను బట్టి రూపం మారే క్రియ రెండో స్థానంలో ఉండాలి. అక్కడ కూడా ముందుకు వచ్చేది ఆ ఒక్క క్రియే. ‘ఇష్ ముస్ హోయ్‌ట బిస్ ట్సేన్ ఊర్ ఆర్బైటెన్’ అన్నప్పుడు ‘ముస్’ మాత్రమే ముందుకు వచ్చింది, ‘ఆర్బైటెన్’ చివరే నిలిచింది. అందుకే చాలామంది భాషాశాస్త్రవేత్తలు జర్మన్‌లో క్రియ అసలు స్థానం చివరేనని, ప్రధాన వాక్యంలో ఒక క్రియ ముందుకు జరుగుతుందని వివరిస్తారు. నువ్వూ అలాగే అనుకో. ఉపవాక్యంలో ఏదీ జరగదు, ప్రధాన వాక్యంలో ఒక్కటే జరుగుతుంది. నీ నాలుగో వాక్యం ఈ దృష్టితో తేలిగ్గా సర్దుకుంటుంది. క్లాసు ఎప్పుడు మొదలవుతుందో తెలియదనడానికి ‘ఇష్ వైస్ నిష్ట్, వన్ ఫెంగ్ట్ డేర్ కుర్స్ ఆన్’ అని రాశావు. నేరుగా ప్రశ్న అడిగితే ‘ఫెంగ్ట్’ ముందుకు జరిగి, ‘ఆన్’ చివర ఒంటరిగా మిగలడం సరైనదే. ప్రశ్న ఉపవాక్యమైపోతే ఏదీ జరగదు కనుక రెండు ముక్కలూ కలిసే ఉంటాయి: ‘వన్ డేర్ కుర్స్ ఆన్‌ఫెంగ్ట్’. ఐదో వాక్యంలో, నిన్న పదింటిదాకా పని చేశానని చెబుతూ ‘వైల్ ఇష్ హాబ గెస్టర్న్ బిస్ ట్సేన్ ఊర్ గెఆర్బైటెట్’ అన్నావు. ‘హాబ’ను చివరికి పంపి ‘గెఆర్బైటెట్ హాబ’ అను. తెలుగులో ‘పని చేసి ఉన్నాను’ అన్నప్పుడు ‘ఉన్నాను’ ఎక్కడుంటుందో ‘హాబ’ కూడా అక్కడే ఉంటుంది.

తెలుగు సాయపడని చోటు నీ మూడో వాక్యంలో ఉంది. ఇక్కడ మాత్రం కొత్తగా నేర్చుకోవలసిందే. తీరిక ఉంటే ఫోన్ చేస్తానని చెప్పడానికి ‘వెన్ ఇష్ హాబ ట్సైట్, ఇష్ రూఫ డిష్ ఆన్’ అని రాశావు. ఇందులో రెండు తప్పులున్నాయి. మొదటిది నీకు తెలిసిందే, ‘వెన్ ఇష్ ట్సైట్ హాబ’ అనాలి. రెండోది కామా తర్వాత ఉంది. ఉపవాక్యం ముందు వస్తే అదంతా కలిసి ఒకటో స్థానం కింద లెక్క. ప్రధాన వాక్యపు క్రియ రెండో స్థానంలో ఉండాలి కాబట్టి కామా దాటగానే క్రియ, ఆ తర్వాతే కర్త: ‘వెన్ ఇష్ ట్సైట్ హాబ, రూఫ ఇష్ డిష్ ఆన్’. కామాకు అటూ ఇటూ రెండు క్రియలు ఎదురెదురుగా నిలుస్తాయి. ఆ రెండూ కనిపిస్తే వాక్యం చాలావరకు కుదిరినట్టే.

ఇంకో అభ్యంతరం నువ్వే అడగవచ్చు. జర్మన్‌వాళ్లే మాట్లాడేటప్పుడు ‘వైల్ ఇష్ హాబ కైన ట్సైట్’ అంటారుగా, మనకెందుకీ పట్టింపు అని. నిజమే, మాటల్లో ‘వైల్’ తర్వాత ఆ వరస చాలా వినిపిస్తుంది. ‘ఓబ్‌వోల్’ తర్వాత కూడా అప్పుడప్పుడు వస్తుంది. కానీ ‘వెన్’, ‘ఓబ్’ తర్వాత వాళ్లు అలా అనరు, ‘డస్’ తర్వాత కూడా సాధారణంగా అనరు. నువ్వు మాత్రం అన్నిటి తర్వాతా అదే చేస్తున్నావు. పైగా రాతలో ‘వైల్’కు కూడా ఆ వెసులుబాటు లేదు. క్రియ రెండో స్థానంలోనే ఉండాలనిపిస్తే ‘డెన్’ వాడు. అర్థం దాదాపు అదే, వరస ప్రధాన వాక్యానిదే: ‘డెన్ ఇష్ ముస్ ఆర్బైటెన్’. అయితే ‘వైల్’ నుంచి తప్పించుకోవడానికి ప్రతిచోటా ‘డెన్’ రాస్తే ‘డస్’, ‘వెన్’ దగ్గర మళ్లీ ఇదే చిక్కు వస్తుంది.

క్రియ ఎక్కడున్నా అర్థమవుతుందిగా అనే వాదన కూడా ఉంది. స్నేహితురాలికి రాసే ఉత్తరంలో అర్థమవుతుంది. పరీక్షలో మాత్రం వ్యాకరణ నిర్మాణానికి వేరే మార్కులుంటాయి. గోథే బి1 రాత పరీక్షలో 60 నిమిషాల్లో మూడు రాతలు రాయాలి. మొదటి రెండూ సుమారు 80 పదాలు, మూడోది సుమారు 40. నూటికి 60 వస్తేనే పాస్. రెండో రాతలో నీ అభిప్రాయం కారణాలతో చెప్పాలి కాబట్టి ‘డస్’, ‘వైల్’ లేకుండా గడవడం కష్టం. అక్కడితో అయిపోదు. జర్మనీలో నర్సుగా గుర్తింపు పొందడానికి సాధారణంగా బి2 స్థాయి అడుగుతారు, అక్కడ వాక్యాలు ఇంకా పొడుగు. ఆ తర్వాత వార్డు ఉంది. షిఫ్టు మారేటప్పుడు నీకు అప్పగించే నర్సు ‘డస్ ఫ్రౌ వేబర్ డీజ టాబ్లెట నిష్ట్ నేమెన్ డార్ఫ్’ అంటే, ఆ రోగి ఈ మాత్ర వేసుకోకూడదని అర్థం. చివర ‘డార్ఫ్’కు బదులు ‘ముస్’ అంటే, వేసుకోనక్కర్లేదని అర్థం. మిగతా మాటలన్నీ ఒకటే, తేడా అంతా ఆఖరి క్రియలో ఉంది. ఉపవాక్యం చివర క్రియ పెట్టడం అలవాటైన మనిషి వినేటప్పుడూ దాని కోసం చివరిదాకా ఆగుతుంది. అలవాటు లేనివాళ్లు ‘నిష్ట్’ వినగానే అర్థమైందనుకుంటారు.

ఇక దిద్దుకునే పద్ధతి చెబుతాను. రాసేటప్పుడు దీని గురించి ఆగి ఆలోచించకు, ముందు రాత పూర్తిచెయ్యి. చివర ఐదు నిమిషాలు మిగుల్చుకుని ‘వైల్’, ‘డస్’, ‘వెన్’, ‘ఓబ్’, ‘ఓబ్‌వోల్’ మాటల కింద, వాక్యం మధ్యలో వచ్చిన ‘వన్’, ‘వో’ లాంటి ప్రశ్నపదాల కింద గీత గియ్యి. ప్రతి గీత దగ్గరి నుంచి ఉపవాక్యం ముగిసే కామాదాకా, లేదా ఫుల్‌స్టాప్‌దాకా వెళ్లు. దానికి ముందున్న ఆఖరి మాట కర్తను బట్టి మారే క్రియ కావాలి. రెండు క్రియలుండి ఏది ఆఖరుదో తేలకపోతే ‘ఇష్’ తీసేసి ‘వీర్’ పెట్టి చూడు. ‘ముస్’ కాస్తా ‘ముస్సెన్’ అవుతుంది, ‘ఆర్బైటెన్’ మారదు. మారినదే చివరికి వెళ్లాలి. ఈ పరీక్షకు లొంగని వాక్యాలు కొన్ని లేకపోలేదు. ‘వైల్ ఇష్ నిష్ట్ హాబ కోమెన్ కొనెన్’ అనే నిర్మాణంలో ‘హాబ’ రెండు క్రియలకు ముందే ఉంటుంది. నీకిప్పుడు దాని అవసరం లేదు. రాలేకపోయానని చెప్పడానికి ‘వైల్ ఇష్ నిష్ట్ కోమెన్ కొంట’ చాలు, జర్మన్‌వాళ్లు ఎక్కువగా వాడేదీ అదే.

ఈ ఐదు వాక్యాలనూ దిద్ది ఉత్తరం మళ్లీ రాయి. ఈసారి ప్రతి ఉపవాక్యం పక్కన దాని తెలుగు కూడా రాసి పంపు, ఇంగ్లీషు వద్దు. జర్మన్ క్రియ, తెలుగు క్రియ రెండూ చివరే ఉన్నాయో లేదో నేను చూసేలోపే నీకే తెలుస్తుంది.

ఆశీస్సులతో,
మీ జర్మన్ టీచర్