పెళ్లి చేసుకుంటే ఇల్లు పోతుందా పిన్నీ?

భార్య పోయిన మగాడింట్లో మాసికాలు పూర్తవకముందే ఎవరో ఒక పెద్దావిడ మొదలుపెడుతుంది. "ఎన్నాళ్లని క్యారేజీ భోజనం తింటాడమ్మా, పిల్లలకి తలకింత నూనె రాసే దిక్కు లేదు" అని. అందులో తప్పు పట్టడానికేం లేదు, పిల్లలకి నిజంగానే ఒక మనిషి కావాలి. అదే ఇంట్లో భర్త పోయిన కోడలుంటే ఆ పెద్దావిడే "పిల్లల మొహం చూసుకుని బతకాలి తల్లీ" అంటుంది. పిల్లలున్నారు కాబట్టి అతను చేసుకోవాలి. పిల్లలున్నారు కాబట్టే ఈమె చేసుకోకూడదు. ఆదివారం పేపర్లో రెండో సంబంధాల ప్రకటనలు చూడండి, సరదాగా ఉంటుంది. ఇద్దరు పిల్లలున్న నలభై అయిదేళ్ల పెద్దమనిషికి ముప్ఫై అయిదు దాటని, పిల్లలు లేని వధువు కావాలి.

ఇది కొత్త సంగతేం కాదు. కన్యాశుల్కం చదివినవాళ్లకి లుబ్ధావధాన్లు ఇల్లు గుర్తుండే ఉంటుంది. కాటికి కాళ్లు చాచిన తండ్రి చిన్నపిల్లని కొనుక్కుని పెళ్లాడబోతుంటాడు, అదే కప్పు కింద కూతురు మీనాక్షి వితంతువుగా పడి ఉంటుంది. గురజాడ ఆ ఇద్దరినీ ఒకే ఇంట్లో ఎందుకు పెట్టారో ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

మరి ఇప్పుడు? పాపం, నరకం అని బెదిరించేవాళ్లు తగ్గారు. ఇప్పటి మాట వేరు. "నీ ఇష్టం అమ్మా, మేమేం వద్దంటామా? కాకపోతే ఇంటి మీద ఆశ పెట్టుకోకు, పిల్లల్ని మా దగ్గర వదిలి వెళ్లు." మెత్తగా చెప్పే ఈ ఒక్క మాటకి భయపడి ఎంతమంది ఆడపిల్లలు ఆగిపోతున్నారో! అందుకే ఈసారి ఈ బెదిరింపులో నిజమెంతో చూద్దామనుకున్నాను.

మా వదినగారి తరఫు అమ్మాయి ఒకతి ఉంది. ఊరూ పేరూ వద్దు, కొన్ని వివరాలు మార్చే చెబుతున్నాను. ముప్ఫై ఒకటేళ్లు. భర్త ప్రైవేటు కంపెనీలో పని చేసేవాడు, బైకు ప్రమాదంలో పోయాడు. బాబుకి ఏడు, పాపకి నాలుగు. అతని సంపాదనతో కట్టుకున్న ఇల్లు అతని పేరు మీదే ఉంది. వీలునామా లేదు. పెద్దకర్మ అయిన మర్నాడే మావగారు స్టాంపు పేపర్లు తెచ్చి, "ఆఫీసు డబ్బుల కోసం, సంతకం పెట్టు" అన్నారట. రెండేళ్ల తర్వాత తోటి ఉద్యోగి ఒకతను, మంచివాడు, పిల్లలతో సహా రమ్మని అడిగాడు. అప్పుడు నా దగ్గరికొచ్చి ఆ పిల్ల అడిగిన మొదటి ప్రశ్న "అతను ఎలాంటివాడంటావు" అని కాదు, "ఇల్లు పోతుందా పిన్నీ" అని.

పోదు. ఎందుకు పోదో కాస్త ఓపికగా వినండి.

ఒకప్పుడు పోయేది. 1856లో వితంతు వివాహ చట్టం వచ్చిందని మనం బళ్లో చదువుకున్నాం. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో వీరేశలింగం గారు మొదటి వితంతు వివాహం జరిపించిందీ చదువుకున్నాం. ఆ చట్టంలోనే రెండో సెక్షన్ ఒకటి ఉందని మాత్రం మనకెవరూ చెప్పలేదు. మళ్లీ పెళ్లి చేసుకున్న క్షణం నుంచి, మొదటి భర్త ఆస్తి విషయంలో ఆమె చచ్చిపోయినట్టే లెక్క, ఆస్తి అతని తరవాతి వారసులకి వెళ్లిపోతుంది. పెళ్లికి తలుపు తీసిన చేత్తోనే ఇంటికి తాళం వేసిందన్నమాట. భార్య ఆస్తి అనుభవిస్తూ మళ్లీ పెళ్లి చేసుకునే భర్తకి అలాంటి సెక్షన్ ఏదీ లేదు. మారుమనువు ఆచారంగా ఉన్న కులాల ఆడవాళ్లకీ మద్రాసు కోర్టులు ఇదే న్యాయం చెప్పాయి. కష్టం చేసుకు బతికే ఇళ్లల్లో కూడా ఈ భయం పాతుకుపోయిందంటే ఆశ్చర్యమేముంది?

1956లో హిందూ వారసత్వ చట్టం వచ్చి, భర్త నుంచి భార్యకి వచ్చిన వాటాని ఆమె సొంతం చేసింది. అతను కన్నుమూసిన నిమిషానే ఆ వాటా ఆమెది అయిపోతుంది. ఆ తర్వాత ఆమె పెళ్లి చేసుకున్నా, చేసుకోకపోయినా అది వెనక్కి పోదు. ఒక కేరళ కేసులో సుప్రీంకోర్టు 2008లో ఈ మాటే తేల్చి చెప్పింది. ఆ పాత 1856 చట్టాన్నే 1983లో రద్దు చేశారు. చట్టం పోయినా భయం మాత్రం మన ఇళ్లల్లో తిష్ఠ వేసుకుని కూచుంది.

మన అమ్మాయి ఇంటి లెక్క చూద్దాం. వీలునామా లేదు కాబట్టి భార్య, కొడుకు, కూతురు, పోయినతని తల్లి, ఈ నలుగురికీ తలా నాలుగో వంతు. అత్తగారి వాటా అత్తగారిదే, దాని జోలికి కోడలు పోకూడదు, పోలేదు కూడా. మావగారికి ఇందులో వాటా లేదు. కాగితాలు తెచ్చింది ఆయనే కాబట్టి ఈ మాట ఆయన్ని బాగా నొప్పించింది, పాపం. క్రైస్తవ, ముస్లిం కుటుంబాల్లో వాటాల లెక్క వేరు గానీ, అక్కడా మళ్లీ పెళ్లి చేసుకున్నంత మాత్రాన వచ్చిన వాటా పోదు.

ఆమె సంతకం పెట్టిన కాగితాల సంగతేంటంటారా? అదృష్టవశాత్తూ అవి రిజిస్టరు కాలేదు. ఇంటి మీద వాటా వదులుకునే పత్రం సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో రిజిస్టరు అయితే తప్ప చెల్లదు. ఒకవేళ అయి ఉంటే ఆమె వాటా చిక్కుల్లో పడేది, కోర్టుకెళ్లి మోసమని రుజువు చేసుకోవలసి వచ్చేది. కానీ అప్పుడు కూడా పిల్లల సగం కదిలేది కాదు. మైనర్ల స్థిరాస్తిని అమ్మాలన్నా, రాసివ్వాలన్నా కన్నతల్లికైనా కోర్టు అనుమతి ఉండాల్సిందే. ఇలాంటి కాగితం రిజిస్టరయ్యిందో లేదో తెలుసుకోవాలంటే ఆ ఇంటికి ఈసీ తీయిస్తే చాలు, అందులో కనబడుతుంది.

ఇక పింఛను. బెదిరింపులో నిజం ఉన్నది ఇక్కడే, అదీ సగమే. పీఎఫ్ వాళ్లిచ్చే వితంతు పింఛను మళ్లీ పెళ్లితో ఆగిపోతుంది. కానీ పిల్లలది ఆగదు, పెరుగుతుంది. ఎలాగంటే, తల్లి పింఛనులో నాలుగో వంతు చొప్పున ఇద్దరు పిల్లలకి విడిగా వస్తుంది. తల్లికి 2,000 వస్తుందనుకోండి, పిల్లలకి చెరో 500, మొత్తం 3,000. ఆమె పెళ్లి చేసుకుంటే ఆమె 2,000 ఆగుతుంది, పిల్లలకి మాత్రం నాలుగో వంతుకి బదులు ముప్పావు వంతు, అంటే చెరో 1,500 వస్తుంది. మళ్లీ మొత్తం 3,000! పిల్లలకి పాతికేళ్లు నిండేదాకా అలాగే. ఈ లెక్క కాగితం మీద వేసి చూపిస్తే ఆ పిల్ల రెండుసార్లు కూడుకుంది. పెళ్లి సంగతి పీఎఫ్ ఆఫీసుకి చెప్పి, పిల్లల పేర మార్పించుకోవాలి, అంతే. చెప్పకుండా తీసుకుంటే తర్వాత వెనక్కి కట్టమంటారు, ఆ పొరపాటు చెయ్యొద్దు.

సర్కారు ఇచ్చే వితంతు పింఛను, మన ఆంధ్రప్రదేశ్‌లో నెలకి 4,000, తెలంగాణలో 2,016, అవి మాత్రం మళ్లీ పెళ్లితో పోతాయి. కేంద్ర ప్రభుత్వోద్యోగం భర్త తరఫున కారుణ్య నియామకంలో వచ్చినవాళ్లు మళ్లీ పెళ్లి చేసుకున్నా ఉద్యోగం ఉంటుందని 2013లోనే ఉత్తర్వులొచ్చాయి. ఇన్ని రాతకోతలూ ఆడదానికే ఎందుకంటే, భార్య పింఛను మీద బతికే మగాళ్లు తక్కువ కాబట్టి. పీఎఫ్ నియమం కాగితం మీద ఇద్దరికీ ఒకటే, దాని బరువు మోసేది ఒకరు.

అన్నిటికన్నా పెద్ద భయం పిల్లలు. "మనవణ్ణి ఇచ్చి వెళ్లు" అన్న మాటకే ఆ అమ్మాయి రాత్రిళ్లు నిద్ర మానేసింది. తండ్రి తర్వాత సహజ సంరక్షకురాలు తల్లే, మళ్లీ పెళ్లి ఆ హక్కుని తీసెయ్యదు. నాయనమ్మ తాతయ్యలు కోర్టుకెళ్లొచ్చు, కోర్టు పిల్లల మేలు చూస్తుంది, అంతేగానీ పెళ్లే నేరం కాదు.

ఆంధ్రప్రదేశ్ నుంచే ఒక కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. బిడ్డ నెలల పసిగుడ్డుగా ఉండగా భర్త పోయాడు, ఏడాది తిరిగాక ఆమె మళ్లీ పెళ్లి చేసుకుంది. బిడ్డకి సంరక్షకులుగా తమని నియమించాలని అత్తమామలు కేసు వేశారు. హైకోర్టు బిడ్డకి పాత ఇంటిపేరే పెట్టాలంది, రికార్డుల్లో కొత్త భర్తని సవతి తండ్రి అని రాయించాలంది. 2022 జులైలో సుప్రీంకోర్టు ఆ ఆదేశాల్ని కొట్టేసింది. ఇంటిపేరు నిర్ణయించే హక్కు తల్లిదేననీ, సవతి తండ్రి అని రాయిస్తే ఆ బిడ్డ మనసు ఎంత గాయపడుతుందో ఆలోచించాలనీ చెప్పింది. బిడ్డ రెండేళ్లప్పుడు మొదలైన కేసు తేలేసరికి టీనేజీలోకొచ్చేశాడు. భార్య పోయి మళ్లీ పెళ్లి చేసుకున్న తండ్రిని, పిల్లల బడి రికార్డులో సవతి తల్లి అని రాయించు అని ఎవరైనా కోర్టుకి లాగారా? నేనైతే వినలేదు.

కొడుకుని పోగొట్టుకున్న ముసలివాళ్ల దుఃఖం నాకు తెలియక కాదు. మనవడు కూడా దూరమవుతాడేమోనని వాళ్లకీ భయమే. ఆ అత్తగారితో నేనే కూర్చుని మాట్లాడాను. "నీ నాలుగో వంతు నీదే వదినా, పిల్లలు సెలవులకి నీ దగ్గరికే వస్తారు, నీ కోడలు రాసిస్తుందట" అంటే ఆవిడ ఏమీ అనలేదు. కాసేపటికి లోపలికెళ్లి బీరువాలోంచి ఆ స్టాంపు పేపర్లు తెచ్చి నా చేతిలో పెట్టింది. మావగారు ఇప్పటికీ నాతో మాట్లాడరు. ఆయన అన్నగారు, భార్య పోయిన పది నెలలకి పెళ్లి చేసుకున్నారు. దాని గురించి ఆ ఇంట్లో ఎవరూ ఎప్పుడూ ఒక్క మాట అనలేదు.

మీ ఇంట్లోనో, మీ వీధిలోనో ఇలాంటి అమ్మాయి ఉంటే ఒక్క పని చెయ్యండి. దినాలు అవుతుండగా వచ్చే ఏ కాగితం మీదా సంతకం పెట్టనివ్వకండి. ఆఫీసు వాళ్లకి కావలసిన కాగితాలు ఆఫీసు వాళ్లే అడుగుతారు, వాటిలో ఇల్లు వదులుకునే పత్రం ఉండదు. లాయరుకి డబ్బుల్లేవని ఆగక్కర్లేదు. ఆదాయం ఎంతున్నా ఆడవాళ్లందరికీ జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో ఉచితంగా లాయరుని ఇస్తారు, ఫోను నంబరు 15100.