మెప్పు వచ్చినప్పుడు ఏం మాట్లాడాలి?



ఎవరైనా తిడితే ఎలా ఉండాలో మనం చాలాసార్లు చెప్పుకున్నాం. కానీ ఎవరైనా మెచ్చుకుంటే ఎలా ఉండాలి? ఈ ప్రశ్న చిన్నదిగా కనిపిస్తుంది. మీరే ఒకసారి గుర్తు చేసుకోండి. మొన్న ఎవరో మిమ్మల్ని బాగా చేశావన్నప్పుడు మీ నోటి నుంచి వచ్చిన మాట ఏమిటి? చాలామందికి వచ్చేది "అయ్యో, నాదేముంది, అంతా మీ దయ" అన్న మాటే.

ఈ మాట ఎక్కడి నుంచి వచ్చిందో ఆలోచించండి. దొర ముందు తల వంచుకుని "నీ బాంచను" అనాల్సి వచ్చిన రోజుల్లో, పని చేసింది మనమైనా పేరు వాళ్లది. పంట పండించింది మనం, దయ వాళ్లది. ఆ దొరలు పోయారు, దీక్ష తీసుకున్నాం, కానీ ఆ మాట నాలుక మీద మిగిలిపోయింది. దాన్ని మనం వినయం అనుకుంటున్నాం. నిజానికి అందులో పాత భయం కూడా కొంత ఉంది.

బుద్ధుడు దీని గురించి సూటిగా చెప్పాడు. దీఘనికాయంలో మొదటిది బ్రహ్మజాల సుత్తం. బుద్ధుడు భిక్షు సంఘంతో రాజగృహం నుంచి నాలందా వైపు నడుస్తున్నాడు. వెనకాల సుప్పియుడనే పరివ్రాజకుడు, అతని శిష్యుడు బ్రహ్మదత్తుడు వస్తున్నారు. గురువు దారి పొడుగునా బుద్ధుణ్ణి, ధమ్మాన్ని, సంఘాన్ని నిందిస్తుంటే, శిష్యుడు అంతే గట్టిగా పొగుడుతున్నాడు. ఆ రాత్రి అందరూ అంబలట్ఠికలో బస చేశారు. తెల్లవారుజామున భిక్షువులు ఈ సంగతే ముచ్చటించుకుంటుంటే బుద్ధుడు వచ్చి రెండు మాటలు బోధించాడు. ఎవరైనా నిందిస్తే కోపం తెచ్చుకోవద్దు. అందులో అబద్ధం ఎంతుందో విడదీసి, ఇది మాలో లేదని చెప్పండి. ఎవరైనా పొగిడితే పొంగిపోవద్దు. పొంగితే మీకే అడ్డు. అందులో నిజమైనదాన్ని నిజమని ఒప్పుకోండి, ఇది మాలో ఉందని చెప్పండి.

ఆ రెండో మాట దగ్గర ఆగండి. పొగడ్త వింటే చెవులు మూసుకోమని ఆయన అనలేదు. నాలో ఏమీ లేదని చెప్పమనీ అనలేదు. నిజమైతే ఒప్పుకోమన్నాడు. నాలుగో శీలం అబద్ధమాడకుండా ఉండటం. మూడు రోజులు కష్టపడి చేసిన పనిని "ఏదో అట్లా అయిపోయింది" అంటే అది కూడా నిజం కాదు. చెయ్యనిదాన్ని చేశాననడం ఎలా నిజం కాదో, ఇదీ అంతే.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఆదివారం సాయంత్రం బస్తీ విహారంలో వందన అయ్యాక ఒక చెల్లెలు పది నిమిషాలు రెండో శీలం గురించి చెప్పిందనుకోండి. పక్కవాడి పొలం గట్టును ఏడాదికి జానెడు జరపడం కూడా ఇవ్వనిది తీసుకోవడమేనని వివరించింది. అయిపోయాక ఒక పెద్దాయన దగ్గరికొచ్చి అన్నాడు: "బిడ్డా, ఎంత మంచిగ చెప్పినవ్! ఇన్నేండ్లకు నాకియ్యాల సరిగ్గ సమజైంది."

ఆమె "అయ్యో, నాకేమొస్తది పెద్దనాయనా, ఏదో నోటికొచ్చింది చెప్పిన" అంటే ఏమవుతుంది? పెద్దాయన "లేదు బిడ్డా, నిజంగనే మంచిగుంది" అని మళ్లీ చెప్పాలి. ఆమె మళ్లీ కాదంటుంది. ఆయన మూడోసారి బతిమాలాలి. ఇచ్చిన మెప్పు ఆయనకే బరువైపోయింది. పైగా నోటికొచ్చింది చెబితే ఈయనకు అర్థమైందా అన్న చిన్నచూపు కూడా ఆ మాటలో దాగి ఉంది. ఎదుటివాళ్లు ఒకే మెప్పును రెండోసారి చెప్పాల్సి వస్తే, మీరు దాన్ని తోసేశారని గుర్తు.

ఇంకో తప్పు దీనికి ఎదురు దిక్కున ఉంది. "నిజమా పెద్దనాయనా! అందరూ గట్లనే అంటున్నరా? ఎవరన్న వీడియో తీసిన్రా?" అని పొంగిపోవడం, లేదా కన్నీళ్లు పెట్టుకుని ఆయన కాళ్ల మీద పడటం. అప్పుడు మాట గట్టు మీద నుంచి, శీలం మీద నుంచి జారిపోయి ఆమె మీద నిలబడుతుంది. అవతలివాడికి ఎటు చూడాలో తెలియదు.

మరి సరైన జవాబు ఎలా ఉంటుంది? "సంతోషం పెద్దనాయనా. మూడు రోజులు కూసొని చదువుకున్న. ఆ గట్టు ముచ్చట మాత్రం మా అమ్మ చెప్పింది. మీ ఊర్ల గూడ గిట్లనే జరుపుతుండెనా?" ఇందులో నాలుగు పనులు జరిగాయి. మెప్పును చేతిలోకి తీసుకుంది. తను చేసింది ఎంతో అంతే చెప్పింది. అమ్మ వాటా అమ్మకు ఇచ్చింది. మాటను మళ్లీ ధమ్మం వైపు తిప్పింది. అన్నీ ప్రతిసారీ అక్కర్లేదు. దారిలో పోతూ ఎవరో అంటే "సంతోషం అన్నా" అన్నది చాలు. అని ఆగిపోవడమే కష్టం, అదే అభ్యాసం.

బాబాసాహెబ్ ఇలాగే చేశారు. 1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో ఆయన చివరి ప్రసంగం చేశారు. అప్పటికే సభ్యులు ఆయనను ఎంతో మెచ్చుకున్నారు. ఆయన ముందుగా కృతజ్ఞత చెప్పారు. ముసాయిదా సంఘంలో తనకంటే సమర్థులున్నారంటూ, మన నెల్లూరు జిల్లాలో పుట్టిన అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ పేరు చెప్పారు. తనకిచ్చిన ఘనత నిజానికి తనొక్కడిది కాదన్నారు. తొలి చిత్తుప్రతి తయారుచేసిన బి.ఎన్. రావుకు, ముఖ్య లేఖకుడు ఎస్.ఎన్. ముఖర్జీకి, అర్ధరాత్రి దాటేదాకా పనిచేసిన సిబ్బందికి వాటా పంచారు. గమనించండి, "నేనేమీ చెయ్యలేదు" అనలేదు. ఎవరిది ఎంతో పేర్లతో సహా లెక్క చెప్పారు. "అంతా మీ దయ" అన్నదానికీ దీనికీ తేడా అక్కడే ఉంది. దయ అంటే అందులో ఎవరి పనీ కనబడదు. వాటా చెబితే అందరి పనీ కనబడుతుంది, మనదీ కనబడుతుంది.

చివరగా ఒక కష్టమైన మెప్పు. ఆఫీసులోనో, కాలేజీలోనో ఎవరో నవ్వుతూ అంటారు: "మీవాళ్లలో కూడా ఇంత బాగా మాట్లాడేవాళ్లు ఉన్నారా!" ఇందులో మెప్పు ఒక పాలు, నింద ఒక పాలు. "థాంక్స్ సార్" అని నవ్వేస్తే నిందను కూడా ఒప్పుకున్నట్టే. కోపంతో అరిస్తే మన మాటలో న్యాయం ఎవరికీ వినబడదు. బ్రహ్మజాల సుత్తంలోని రెండు మాటలూ ఇక్కడ ఒకేసారి పనికొస్తాయి. "నా మాట బాగుందన్నందుకు సంతోషం సార్. మావాళ్లలో ఇలా మాట్లాడేవాళ్లు చాలామందే ఉన్నారు. మీకు వినే సందర్భం రాలేదేమో." నిజమైనది తీసుకున్నారు. అబద్ధాన్ని విడదీసి, గొంతు పెంచకుండా వెనక్కి ఇచ్చారు. అలా అన్నది పై అధికారి అయితే అప్పటికప్పుడు ఇంత చెప్పడం కుదరకపోవచ్చు. అప్పుడు రెండో వాక్యం ఒక్కటి చెప్పినా చాలు.

ఈ వారం అభ్యాసం: ఇంట్లో ఎవరైనా కూర బాగుందన్నా, పని బాగుందన్నా, ముందు "సంతోషం" అనండి. తర్వాత ఒక్క నిజమైన మాట చెప్పండి. ఆపైన ఆగండి. వచ్చే ఆదివారం విహారంలో, ఎక్కడ ఆగలేకపోయారో చెప్పుకుందాం.

నమో బుద్ధాయ. జై భీమ్.