“మీరేమైనా అడుగుతారా?” అన్నప్పుడు

ఇంజనీరింగ్ మూడో ఏడాదిలో వేసవి ఇంటర్న్‌షిప్ ఇంటర్వ్యూకు వెళ్లే పిల్లలకు చాలా ఇళ్లలో చెప్పే మాట ఒకటే: “అడిగినదానికి జవాబు చెప్పు, ఎదురు ప్రశ్నలు వేయకు.” అందుకే చివర్లో “మీరేమైనా అడుగుతారా?” అంటే “ఏం లేదు సార్” అనేసి లేచి వచ్చేస్తారు. రెండు నెలలు ఎవరి దగ్గర, ఏం పని చేయబోతున్నారో తెలుసుకోవాల్సింది ఆ కాసేపట్లోనే. దయచేసి ఆ పాత మాట వెనక్కి తీసుకోండి.

నన్నడిగితే అన్నిటికంటే విలువైన ప్రశ్న ఇది: “పోయినేడాది మీ టీమ్‌లో ఇంటర్న్ ఏ పని చేశారు సార్? ఆ పని తర్వాత ఏమైంది?” బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేసే కంపెనీ అనుకోండి. “మొదటి వారం మా కోడ్ చదవడంతో సరిపోయింది. తర్వాత చిన్న బగ్‌లు సరిచేశారు. చివరి నెలలో రిఫండ్ రిపోర్టు తయారుచేశారు, ఇప్పటికీ వాడుతున్నాం” అన్నారంటే, అక్కడ ఇంటర్న్ కోసం ముందే ఆలోచించి పెట్టిన పని ఉందన్నమాట. “అన్నీ నేర్పిస్తాం, సర్టిఫికెట్ ఇస్తాం” అని తేల్చేస్తే అనుమానించాల్సిందే. తొలిసారి ఇంటర్న్‌లను తీసుకునే చిన్న కంపెనీకి చెప్పడానికి పాత ఉదాహరణ ఉండదు, అది వాళ్ల తప్పు కాదు. అక్కడ “మొదటి రెండు వారాలు నాకేం పని ఇస్తారు?” అని అడిగితే చాలు.

దాని వెంటే రెండోది: “నేను రాసిన కోడ్ ఎవరు చూస్తారు? ఎన్నాళ్లకొకసారి?” ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, చూసేవారు లేనిచోట కొత్తగా చేరినవాళ్లు ఒకే ఎర్రర్ దగ్గర వారం రోజులు మాట్లాడకుండా కూర్చుండిపోతారు. ఎనిమిది వారాల్లో ఒక వారం పోయిందంటే తక్కువ కాదు. మెంటర్ ఫలానా అని, రోజుకో రెండ్రోజులకో కూర్చుని మాట్లాడతారని స్పష్టంగా చెబితే మీరు ధైర్యంగా పంపవచ్చు.

స్టైపెండ్, వసతి గురించి టెక్నికల్ ఇంటర్వ్యూలో కాకుండా హెచ్‌ఆర్‌ను అడగమనండి. “నేను సెలెక్ట్ అయినట్టేనా?” అనకుండా, ఫలితం ఎప్పుడు చెబుతారో, కాలేజీ ప్లేస్‌మెంట్ సెల్ ద్వారా తెలుస్తుందా, మెయిల్ వస్తుందా అని అడగవచ్చు. కంపెనీ వెబ్‌సైట్ తెరవగానే కనిపించే సంగతి అడిగితే మాత్రం, చూడకుండా వచ్చారని తెలిసిపోతుంది.

ఈ ప్రశ్నలు బట్టీ పట్టించకండి. ముందురోజు రాత్రి మీరు ఇంటర్వ్యూ చేసేవారిలా కూర్చుని, పిల్లల చేత సొంత మాటల్లో, ఏ భాషలో ఇంటర్వ్యూ జరుగుతుందో ఆ భాషలోనే అడిగించండి. ఇంటర్వ్యూ చేసేవారు చెప్పిన సంగతి ఏదైనా పట్టుకుని, “ఇందాక మీరు టెస్టింగ్ గురించి చెప్పారు కదా సార్” అని మొదలుపెట్టడం అలవాటు చేస్తే ఇంకా మంచిది. అంతవరకూ శ్రద్ధగా విన్నారని ఎదుటివారికి అర్థమవుతుంది.

మరో ప్రశ్న అడిగి రమ్మనండి: “చేరడానికి ఏమైనా ఫీజు కట్టాలా?” ట్రైనింగ్ ఫీజనీ డిపాజిట్ అనీ ఏ పేరుతో డబ్బు అడిగినా ఆ చోటుకు పంపకండి.