పదకొండో పేరాలో పన్నెండు వేల ఉద్యోగాలు

2014 జులై 17న మైక్రోసాఫ్ట్ ఉద్యోగులకి ఒకే రోజు రెండు మెయిల్స్ వెళ్లాయి. ఒకటి మన హైదరాబాదీ సత్య నాదెళ్ల రాసింది, రెండోది నోకియా నుంచి వచ్చిన ఫోన్ల విభాగం హెడ్ స్టీఫెన్ ఎలప్ రాసింది. రెండింట్లోనూ వార్త ఒకటే: ఉద్యోగాలు పోతున్నాయి. ఏడాదిలో 18,000 దాకా తగ్గిస్తున్నామని నాదెళ్ల మొదట్లోనే చెప్పేశారు. ఎలప్ మాత్రం "హలో దేర్" అని మొదలుపెట్టి, ఏ ఫోన్ ఏ మార్కెట్‌కి అని స్ట్రాటజీ అంతా చెప్పి, పదకొండో పేరాలో గానీ 12,500 అనే అంకె దగ్గరికి రాలేదు. ఆ అంకె కూడా "రిడక్షన్" అనే మాట చాటున దాక్కుని ఉంటుంది.

చదివేవాడి వైపు నుంచి ఆలోచించండి. ఏదో జరగబోతోందని వాడికి ముందే తెలుసు. మొదటి పది పేరాలు వాడి బుర్రలోకి వెళ్లవు. కళ్లు ఒక్క ప్రశ్నకే జవాబు వెతుకుతుంటాయి: "నా ఉద్యోగం ఉందా, పోయిందా?" అందుకే చెడు వార్తని ఆలస్యం చేయడం మర్యాద కాదు, హింస.

దీని పక్కన 2020 మే 5న ఎయిర్‌బీఎన్‌బీ సీఈఓ బ్రయాన్ చెస్కీ రాసిన ఉత్తరం పెట్టుకుని చదివాను. కరోనాతో ప్రయాణాలు ఆగిపోయాయి. ఆ ఏడాది ఆదాయం 2019లో వచ్చినదాంట్లో సగం కూడా రాదని కంపెనీ లెక్క. 7,500 మందిలో దాదాపు 1,900 మందిని తీసేస్తున్నామని అంకెతో సహా చెప్పాడు. ఏయే పనులు ఆపేస్తున్నారో కూడా చెప్పాడు కాబట్టి, "నన్నే ఎందుకు?" అనేదానికి కొంతైనా జవాబు దొరుకుతుంది. ఆ తర్వాతే అసలు విషయం. అమెరికాలో వాళ్లకి 14 వారాల బేసిక్ జీతం, పనిచేసిన ఒక్కో ఏడాదికి ఇంకో వారం, 12 నెలల హెల్త్ ఇన్సూరెన్స్. లాప్‌టాప్ వాళ్లే ఉంచుకోవచ్చు. అమెరికా, కెనడా వాళ్లకి మే 11 ఆఖరి రోజు. మీటింగ్ పిలుపు ఇంకొన్ని గంటల్లో వస్తుంది. చివర్లో, ఇది మీ తప్పు కాదని ఒక మాట.

ఈ ఉత్తరంలో ఎంపతీ ఎక్కడుంది అంటే, నా లెక్కలో "చాలా బాధగా ఉంది" అన్న చోట కాదు, తేదీల్లో ఉంది. అమెరికాలో హెచ్1బీ మీద ఉన్న మనవాళ్లనే తీసుకోండి. ఉద్యోగం ఆగాక కొత్త ఉద్యోగమో, వేరే వీసా దారో చూసుకోవడానికి గరిష్ఠంగా 60 రోజులే. ఆఖరి పనిదినం ఏదో స్పష్టంగా రాయకపోతే, ఆ 60 రోజులు ఎప్పుడు మొదలవుతాయో వాడు ఎలా లెక్కేసుకుంటాడు?

చల్లటి కార్పొరేట్ మాటని పట్టుకోడానికి నాకు ఒక టెస్ట్ దొరికింది. ఆ వాక్యాన్ని తెలుగులో చెప్పుకుని, ఫోన్‌లో అమ్మకి చెప్తున్నట్టు ఊహించుకోండి. "అమ్మా, మా టీమ్‌ని రైట్‌సైజ్ చేశారు" అంటే "అంటే ఏంట్రా?" అంటుంది. "ఉద్యోగం పోయిందమ్మా" అంటే అర్థమవుతుంది. వెంటనే అడుగుతుంది: జీతం ఎప్పటిదాకా? ఇన్సూరెన్స్ ఉంటుందా? ఇప్పుడేం చేస్తావ్? మంచి ఉత్తరంలో ఈ మూడింటికీ జవాబు ఉండాలి.

ఒకసారి రాసి చూద్దాం. 40 మంది ఉన్న టెస్టింగ్ టీమ్‌లో 12 పోస్టులు తీసేస్తున్నారనుకుందాం. మామూలుగా వచ్చే వెర్షన్ ఇలా ఉంటుంది: "మారుతున్న వ్యాపార ప్రాధాన్యాలకు అనుగుణంగా మన వనరులను పునర్వ్యవస్థీకరిస్తున్నాం. కొన్ని పాత్రలు ప్రభావితం కావచ్చు."

ఇందులో చేసినవాడు లేడు, అంకె లేదు, తేదీ లేదు. పైగా "కావచ్చు" అనేసరికి 40 మందికీ ఆ రాత్రి నిద్ర ఉండదు. నా వెర్షన్ ఇది:

> టెస్టింగ్ టీమ్‌లో 40 ఉద్యోగాల్లో 12 తీసేస్తున్నాం. ఈ నిర్ణయం నాది. మన పెద్ద క్లయింట్ కాంట్రాక్ట్ మార్చితో ముగిసింది, ఆ పని మళ్లీ రాదు. మీ పనితీరుకి దీంతో సంబంధం లేదు. ఆ 12 మందితో మీ మేనేజర్, నేను ఈరోజు మధ్యాహ్నం 3 లోపు విడివిడిగా మాట్లాడతాం. 3 తర్వాత మిగతా 28 మందికి "మీ ఉద్యోగం ఉంది" అని మెయిల్ వస్తుంది. వెళ్లేవాళ్ల ఆఖరి రోజు జూన్ 30. ఆ తర్వాత మూడు నెలల జీతం, డిసెంబర్ దాకా ఇన్సూరెన్స్ ఇస్తాం. రేపు ఉదయం 11కి నేను మీటింగ్ రూమ్‌లో ఉంటాను, ఏదైనా అడగండి.

ఇందులో "నిర్ణయం నాది" అన్నది చిన్న వాక్యమే గానీ, రాసేవాళ్లకి అదే కష్టం. తెలుగులో "నిర్ణయించడమైనది" అని రాస్తే మనిషి మాయమైపోతాడు. 28 మందికి వెళ్లే మెయిల్ కూడా మర్చిపోకూడదు, ఎందుకంటే ఆ మధ్యాహ్నం వాళ్లూ భయంతోనే కూర్చుంటారు. లాగిన్ ఆపేయడం మాత్రం ఆ మాట్లాడటం అయ్యాకే జరగాలి. లేదంటే ఉత్తరం ఎంత బాగా రాసినా, పాస్‌వర్డ్ పనిచేయకపోవడమే వాళ్లకి అందే మొదటి కబురు అవుతుంది.

రెండు మాటలు కావాలనే వదిలేశాను. "మనమంతా ఒక కుటుంబం" అనలేదు, కుటుంబంలో ఎవరూ ఇలా పంపించరు కాబట్టి. "ఇక ఇలాంటిది జరగదు" అని కూడా అనలేదు. ఆ హామీ నిలబెట్టుకోలేకపోతే, తర్వాత రాసే ఏ ఉత్తరాన్నీ ఎవరూ నమ్మరు.