ఒక స్లైడు, ఒకే అంకె

ప్రశ్న: రైల్వేలో కొత్తగా చేరినవారికి పైన వెళ్లే కరెంటు తీగల భద్రత గురించి పాఠం చెబుతాను. ఒకే అంకెతో స్లైడు పెడితే గుర్తుంటుందంటున్నారు. ‘25,000 వోల్టులు’ అని పెట్టమంటారా?
– ఒక పాఠకుడు, మౌలాలి

జవాబు: ఆ అంకె భయపెడుతుంది కానీ ఏం చేయాలో చెప్పదు. ఇంట్లో కరెంటు 230 వోల్టులని పోల్చి, దాన్ని మాటల్లోనే చెప్పండి. స్లైడుపై ‘2 మీటర్లు’ పెట్టండి. కరెంటు ఉన్న తీగకు అంతకంటే దగ్గరగా వెళ్లకూడదన్నదే ఉద్యోగి పట్టాల మీద పాటించాల్సిన నియమం.

అంకె చివరి వరుసకూ కనిపించాలి, పక్కనే ‘మీటర్లు’ ఉండాలి. సంస్థ లోగో, ఫొటో, ఇతర నిబంధనలు వద్దు. స్లైడు వేసి కొన్ని క్షణాలు ఆగండి. తర్వాత, చేతిలోని ఇనుప రాడ్డు, నిచ్చెన కూడా ఆ దూరంలోకి రాకూడదని వివరించండి. ఈ షరతు చెప్పకపోతే అంకె గుర్తున్నా ప్రమాదం తప్పదు. మిగతా నిబంధనలు కాగితంపై ఇవ్వండి.

చేయాల్సిన పనిలో వరుస ముఖ్యమైతే అంకె చాలదు. అక్కడ ‘కరెంటు ఆపాలి, ఎర్త్ చేయాలి, ఆ తర్వాతే ముట్టాలి’ వంటి చిన్న వాక్యం పెట్టండి.

పాఠానికి ఇలాంటి స్లైడు ఒక్కటే ఉంచండి. మర్నాడు స్లైడు లేకుండా అడగండి. ‘రెండు’ అని మాత్రమే చెప్పి, దేనికో చెప్పలేకపోతే పాఠం మళ్లీ చెప్పాల్సిందే.