ఒక్క శాతం ఖరీదు

మేనకోడలికి,

నిజాంపేట ఫ్లాటుకు 50 లక్షల హోమ్ లోన్ కావాలనీ, ఒక చోట 8.5 శాతం, ఇంకో చోట 9.5 శాతం వడ్డీ అన్నారనీ మీ అమ్మ ఫోన్లో చెప్పింది. రెండో చోట పని త్వరగా అవుతుందట. నెలకు మూడు వేలేగా తేడా అన్నావట. ఏళ్ల తరబడి లోన్ల సీటులో కూర్చున్న మనిషికి ఆ మాట వింటే నిద్ర పడుతుందా? అందుకే మీ మామయ్య కాగితం, కాలిక్యులేటర్ ముందేసుకున్నాడు.

ఎదురెదురు ఫ్లాట్లు కొన్న ఇద్దరున్నారనుకో. ఇద్దరిదీ 50 లక్షల అప్పే, ఇద్దరికీ 20 ఏళ్ల గడువే. 8.5 శాతానికి తీసుకున్నాయన ఈఎమ్‌ఐ 43,391 రూపాయలు. 9.5 శాతానికి తీసుకున్నామె ఈఎమ్‌ఐ 46,607. నువ్వన్నట్టు తేడా మూడు వేల పైచిలుకే. కానీ అది 240 సార్లు కట్టాలి. ఆయన మొత్తం వడ్డీ 54 లక్షల 14 వేలు, ఆమెది 61 లక్షల 86 వేలు. అంటే ఒక్క శాతానికి 7 లక్షల 72 వేలు.

అసలు విచిత్రం మొదటి నెలలోనే ఉంది. ఆయన కట్టిన 43,391లో వడ్డీకి 35,417 పోగా అసలు 7,974 తగ్గుతుంది. ఆమె మూడు వేలు ఎక్కువే కడుతుంది, కానీ వడ్డీకే 39,583 పోయి అసలులో 7,024 మాత్రమే తగ్గుతుంది. ఎక్కువ కట్టిన మనిషికే అప్పు తక్కువ తీరుతోంది! ఐదేళ్లు గడిచేసరికి ఆమె ఆయనకంటే లక్షా 93 వేలు ఎక్కువ కట్టి ఉంటుంది. అయినా ఆయన బాకీ 44 లక్షల 6 వేలుంటే, ఆమెది ఇంకా 44 లక్షల 63 వేలు. ఒక్క శాతం దెబ్బ తగిలేది అక్కడ.

ఇంతకంటే మామయ్యను భయపెట్టేది ఇంకొకటుంది. నీకు ఇస్తామన్నవి రెండూ ఫ్లోటింగ్ రేటు లోన్లే, అంటే రేటు మధ్యలో మారుతుంది. 2022 మే మొదట్లో 4 శాతం ఉన్న రిజర్వు బ్యాంకు రెపో రేటు 2023 ఫిబ్రవరికల్లా 6.5 అయింది. అప్పట్లో చాలామందికి ఈఎమ్‌ఐ పెరగలేదు, గడువు పెరిగింది. మా పక్కింటి మాస్టారు జీతంలో కోత మారలేదని నిశ్చింతగా ఉన్నారు. తీరా స్టేట్‌మెంట్ తీసి చూస్తే రిటైరయ్యాక కూడా వాయిదాలు మిగిలే ఉన్నాయి.

లెక్క చూడు. 8.5 శాతానికి లోన్ తీసుకున్న కొత్తల్లోనే రేటు 9.5 అయి, ఈఎమ్‌ఐ మాత్రం 43,391 దగ్గరే ఉంచారనుకో. 240 వాయిదాలు కాస్తా 309 అవుతాయి, అంటే 25 ఏళ్ల 9 నెలలు. మొత్తం వడ్డీ దాదాపు 84 లక్షలు. అదే ఒక్క శాతం, ఈఎమ్‌ఐ పెంచుకుని కడితే ఎనిమిది లక్షల లోపు భారం. గడువు పొడిగించుకుంటే 30 లక్షల భారం.

రేటు మారినప్పుడు ఈఎమ్‌ఐ పెంచుకోవాలో, గడువు పొడిగించుకోవాలో, రెండూ కొంత కొంత చేయాలో ఎంచుకునే అవకాశం అప్పు తీసుకున్నవాళ్లకే ఇవ్వాలని 2023 ఆగస్టులో రిజర్వు బ్యాంకు ఆదేశించింది. మూడు నెలలకోసారి ఇచ్చే స్టేట్‌మెంట్‌లో మిగిలిన వాయిదాల సంఖ్య ఉండాలని కూడా చెప్పింది. నువ్వు చూడాల్సింది ఆ సంఖ్యే. మూడు నెలలకు మూడు తగ్గకపోతే ఏదో మారిందన్నమాట, వెంటనే బ్రాంచికి వెళ్లు.

నెలకు 46,607 కట్టగల స్తోమత నీకు ఉందంటే 8.5 శాతానికే లోన్ తీసుకుని అంతే కట్టు. 203 నెలల్లో, అంటే 17 ఏళ్లలోపే అప్పు తీరుతుంది. వడ్డీ 44 లక్షల 20 వేల దగ్గర ఆగుతుంది. అనుకున్న గడువంతా కట్టేదానికంటే దాదాపు పది లక్షలు మిగులు. పైగా అది రెండో చోటైతే ఎలాగూ కట్టేదే.

ఒక్క జాగ్రత్త. 8.5 అన్నవాళ్లు మొదటి ఏడాదికే ఆ రేటు ఇస్తున్నారేమో, రెపో మీద ఎంత కలుపుతున్నారో శాంక్షన్ లెటర్‌లో చూడాలి. ప్రాసెసింగ్ ఫీజు 25 వేలు ఎక్కువైనా బెంగపడకు, రెండు ఈఎమ్‌ఐల మధ్య తేడాతోనే ఎనిమిది నెలల్లో వచ్చేస్తుంది. కంప్యూటర్‌లో ఎక్సెల్ తెరిచి ఇది కొట్టి చూడు, 46,607 వస్తుంది:

```
=ROUND(PMT(9.5%/12,240,-5000000),0)
```

9.5 తీసి 8.5 పెట్టి మళ్లీ చూడు. ఆదివారం రెండు చోట్ల కాగితాలూ పట్టుకుని ఇంటికి రా. అంతదాకా ఎక్కడా సంతకం పెట్టకు.

మీ మామయ్య